ఒక్క మందు వరుస

ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా రైలు పట్టాల వెంట ఏ ఊళ్లో అడిగినా వెల్డరో, ఫిట్టరో, రిగ్గరో ఒకరు గల్ఫ్‌లో ఉంటారు. ఉద్దానంలో ఇంకో సంగతి కూడా ఇంటింటికీ తెలిసిందే. ‘క్రియాటిన్ ఎంతుంది?’ అనే ప్రశ్న అక్కడ మంచీచెడ్డా అడిగినంత మామూలు. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలను దశాబ్దాలుగా పీడిస్తోంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

ఈ రెండు సంగతులూ ఒకే మనిషిలో కలిసినప్పుడు ఒక కాగితం పుడుతుంది. సౌదీలో పని చేస్తూ కాళ్లు వాచి, ఆయాసంతో అక్కడి ఆసుపత్రిలో చేరి, కాస్త కుదుటపడ్డాక విమానం ఎక్కిన వ్యక్తి చేతిలోని డిశ్చార్జి సమ్మరీ అది. గల్ఫ్ ఆసుపత్రుల్లో డాక్టర్లు తమలో తాము రాసుకునేది చాలావరకు ఇంగ్లీషులోనే. రోగి చేతికిచ్చే కాగితం మాత్రం అరబిక్‌లో ఉండొచ్చు. ‘ఇందులో ఏటి రాసినారు బాబూ?’ అని ఇంటివాళ్లు దాన్ని అనువాదకుడి ముందు పెడతారు. పలాసలోనో టెక్కలిలోనో డాక్టరు చదవాలంటే అది ఇంగ్లీషులోకి రావాలి.

ఈ కాలమ్ రాస్తున్న అనువాదకుడికి అలాంటి కాగితంలో అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేది జబ్బు వర్ణన కాదు, మందుల పట్టిక. అందులో ఒక్క వరుసను తీసుకుందాం. కిడ్నీ రోగులకు ఎముకల కోసం, క్యాల్షియం కోసం తరచూ రాసే ఆల్ఫాకాల్సిడోల్ అనుకుందాం. 0.25 మైక్రోగ్రాముల క్యాప్సూల్, రోజు విడిచి రోజు. అరబిక్‌లో ఇది ఒక్క చిన్న వరుస. అందులోనే మూడు చోట్ల కాలు జారవచ్చు.

మొదటిది అంకెలు. సౌదీలో మనం వాడే అంకెలూ కనిపిస్తాయి, అరబిక్ పద్ధతి అంకెలూ కనిపిస్తాయి. ఆ పద్ధతిలో సున్నా ఒక చుక్క. అయిదు గుండ్రంగా, అచ్చం మన సున్నాలా ఉంటుంది. దశాంశానికి చుక్క బదులు కామా లాంటి చిన్న గీత పెడతారు. అంటే 0.25 అన్నది ఒక చుక్క, ఒక గీత, తర్వాత రెండంకెలు. సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి, వాట్సాప్‌లో పంపి, దాన్ని జిరాక్స్ తీస్తే మొదట మాసిపోయేవి ఆ చుక్కా ఆ గీతే. ఇక మిగిలేది 25. అందుకే అసలు కాగితం చూడకుండా మందుల పట్టిక ముట్టుకోకూడదు. ఇంగ్లీషులో రాసేటప్పుడు దశాంశానికి ముందు సున్నా తప్పక పెట్టాలి. పూర్ణ సంఖ్య అయితే దాని వెనక సున్నా అసలు పెట్టకూడదు. 5 మిల్లీగ్రాములను 5.0 అని రాస్తే, చుక్క కనబడని చోట అది 50 అయి కూర్చుంటుంది.

రెండోది కొలత. అరబిక్‌లో మిల్లీగ్రాముకూ మైక్రోగ్రాముకూ వాడే మూడక్షరాల పొట్టి రూపాల్లో మొదటిదీ చివరిదీ ఒకటే అక్షరం. నడుమ ఒకదానిలో లామ్, ఇంకోదానిలో కాఫ్ ఉంటుంది. చేతిరాతలో కాఫ్ పైగీత కాస్త పొట్టిదైతే అది లామ్‌లాగే కనిపిస్తుంది. రెండింటికీ తేడా వెయ్యి రెట్లు. దీన్ని పట్టుకునే మార్గం ఉంది. ఆ మందు బజారులో ఏ మోతాదుల్లో దొరుకుతుందో చూడాలి. ఆల్ఫాకాల్సిడోల్ క్యాప్సూళ్లు 0.25, 0.5, 1 మైక్రోగ్రాముల్లో వస్తాయి, మిల్లీగ్రాముల్లో రావు. ఇంగ్లీషు ప్రతిలో పొట్టి గుర్తు వాడకుండా మైక్రోగ్రామ్ అని పూర్తి మాట రాయడం క్షేమం, ఎందుకంటే గ్రీకు అక్షరంతో రాసే గుర్తును చేతిరాతలో మిల్లీగ్రామ్‌గా చదివేస్తారు. ఇన్సులిన్, ఎరిత్రోపొయెటిన్ లాంటి వాటికి యూనిట్ అన్న మాటనూ అలాగే పూర్తిగా రాయాలి. ఒక్క ‘యు’ అక్షరం పెడితే అది సున్నాలా కనబడి 4 యూనిట్లు 40 అవుతాయి.

మూడోది వేళ. అరబిక్ కాగితంలో ‘యౌమ్ బాద్ యౌమ్’ అని ఉంటుంది. మాటకు మాట పెడితే ‘రోజు తర్వాత రోజు’. అలా పెట్టినవాడు ప్రతిరోజూ అని రాసేస్తాడు. మందుల చీటీలో దాని వాడుక రోజు విడిచి రోజు. అనుమానం తీర్చుకోవడానికి కాగితంలోనే దారి ఉండవచ్చు. నెలకు పదిహేను క్యాప్సూళ్లు ఇచ్చినట్టు ఫార్మసీ గడిలో ఉంటే లెక్క సరిపోయినట్టే.

మందు పేరు చదవడం మరో పని. అరబిక్‌లో ‘ప’ లేదు, ‘బ’తోనే సరిపెడతారు. పొట్టి అచ్చులు మామూలుగా రాయరు. అందువల్ల అక్షరాల వెంట పోతే పేరు దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులకు పెట్టే అంతర్జాతీయ పేర్లలో తోకలు సాయం చేస్తాయి: ‘డిపిన్’, ‘ప్రిల్’, ‘సార్టాన్’ అంటూ ఒక్కో జాతి మందుకు ఒక్కో తోక. కానీ హైడ్రాలజీన్, హైడ్రాక్సీజీన్ జంట దగ్గర ఈ సాయం అందదు. అరబిక్‌లో ఈ రెంటికీ మొదటి నాలుగు అక్షరాలు ఒకటే, చివరి మూడూ ఒకటే. మొదటిది రక్తపోటుకు, రెండోది దురదకు. డయాలసిస్ రోగికి రక్తపోటూ ఉంటుంది, దురదా ఉంటుంది, కాబట్టి జబ్బును చూసి తేల్చలేం. రెండూ 25 మిల్లీగ్రాముల్లో దొరుకుతాయి, కాబట్టి మోతాదును చూసీ తేల్చలేం. రోజుకు మూడుసార్లు అని ఉంటే మొదటిదని, రాత్రి పడుకునే ముందు అని ఉంటే రెండోదని అనిపించవచ్చు. అయినా అనిపించినదాన్ని పేరుగా రాసేయడం అనువాదకుడి పని కాదు. అక్షరం తేలకపోతే రెండు పేర్లూ చూపించి, ‘మూలంలో అస్పష్టం’ అని పక్కనే గమనిక పెట్టాలి.

బ్రాండు పేరును కూడా తెలిసినట్టుంది కదా అని మార్చకూడదు. ఒకే పేరుతో వేర్వేరు దేశాల్లో వేర్వేరు మందులున్నాయి. అమెరికా ఎఫ్‌డీఏ 2006 జనవరిలో ఈ ప్రమాదం గురించే హెచ్చరించింది. అప్పట్లో డిలాకార్ అన్న పేరు అమెరికాలో డిల్టియాజెమ్‌ది, సెర్బియాలో డిగాక్సిన్‌ది. కాబట్టి బ్రాండును ఉన్నదున్నట్టు ఉంచి, ఆ దేశపు మందుల జాబితాలో చూసిన అసలు పేరును బ్రాకెట్లో ఇస్తారు.

ఇక రక్తపరీక్షలు. సౌదీ కాగితంలో క్రియాటినిన్ 530 అని చూసి ఇంట్లోవాళ్ల గుండె ఆగినంత పనవుతుంది. అది మైక్రోమోల్ లెక్క, 88.4తో భాగిస్తే మన మిల్లీగ్రాముల లెక్కలో దాదాపు 6. భయపెట్టే ఈ అంకె కన్నా భయపెట్టని అంకెతోనే ఎక్కువ ముప్పు. యూరియా 25 అని ఉండి పక్కన కొలత రాలిపోతే మనవాళ్లకు అది మామూలుగా కనిపిస్తుంది. మిల్లీమోల్ లెక్కలో 25 అంటే మన లెక్కలో 150. అందుకని అనువాదకుడు మూలంలోని అంకెనూ కొలతనూ అలాగే ఉంచుతాడు. మార్చిన అంకె అడిగితే, అది తాను వేసిన లెక్క అని తెలిసేలా విడిగా ఇస్తాడు.

అంతా అయ్యాక ఇద్దరు కూర్చోవాలి. ఒకరు అరబిక్ ప్రతి నుంచి మందు, మోతాదు, వేళ పైకి చదువుతుంటే రెండోవారు ఇంగ్లీషు ప్రతిపై టిక్కు పెట్టాలి. తేలనివాటి కోసం ఫైలు నంబరుతో ఆ ఆసుపత్రికి రాసి అడగాలి. జవాబు రావడానికి రోజులు పట్టొచ్చు. ఈలోగా పనికొచ్చే ఆధారం చాలాసార్లు రోగి సంచిలోనే ఉంటుంది. గల్ఫ్‌లో ఇచ్చే మందుల పెట్టెల మీద పేరూ మోతాదూ అరబిక్‌తో పాటు ఇంగ్లీషులోనూ అచ్చువేసి ఉంటాయి. పలాసకు కాగితం ఒక్కటే తేకుండా, ఖాళీ స్ట్రిప్పులతో సహా ఆ పెట్టెలన్నీ తెమ్మని ఇంటివాళ్లకు ముందే ఫోన్‌లో చెప్పాలి.