నెల్లీ, ఎలెన్: ఒక మనిషి, రెండు పిలుపులు

గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో ఎమిలీ బ్రాంటీ రాసిన ‘వదరింగ్ హైట్స్’ మొదటిసారి చదివాను. సగం పుస్తకం అయ్యేదాకా నెల్లీ వేరు, ఎలెన్ వేరు అనుకున్నా. కథ చెబుతున్నది నెల్లీ. మరి మధ్యలో ఎడ్గర్ లింటన్ మాట్లాడుతున్న ఈ ఎలెన్ ఎవరు, ఇంకో పనిమనిషా? వెనక్కి వెళ్లి పేజీలు తిప్పితే తెలిసింది, ఇద్దరూ ఒక్కరేనని. ఎలెన్ డీన్ అనే మనిషినే నెల్లీ అంటున్నారు. ఎలెన్ మొదట్లో లేని ‘న’ నెల్లీ ముందుకి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పేవాళ్లు మాత్రం అప్పట్లో దొరకలేదు.

ఆ ‘న’ కథ మన చిన్నయసూరి శిష్యులకి చెబితే వెంటనే పట్టేస్తారు. ఒకప్పటి ఇంగ్లీషులో ‘నా’ అనడానికి రెండు రూపాలుండేవి. హల్లుతో మొదలయ్యే మాట ముందు ‘మై’, అచ్చుతో మొదలయ్యే మాట ముందు ‘మైన్’. ముద్దుగా పిలిచేటప్పుడు ‘నా ఎలెన్’ అంటే ‘మైన్ ఎలెన్’ అన్నమాట. గబగబా పలికితే రెండు మాటలకీ మధ్య గీత ఎక్కడుందో చెవికి తెలియదు. వినేవాళ్లు దాన్ని ‘మై నెలెన్’ అని విరగ్గొట్టారు. అందులోంచి నెల్, నెల్లీ పుట్టాయి. మనకి మా + అమ్మ = మాయమ్మ అని యడాగమ సంధి ఉంది కదా. ఎవరో పిల్లాడు దాన్ని మా + యమ్మ అని విడదీసి, అప్పట్నుంచి తల్లిని ‘యమ్మ’ అని పిలవడం మొదలెడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఇది ఊహాగానం కాదని తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఇలా కొత్తగా ‘న’ తగిలించుకున్న పాత ముద్దుపేర్లు చూడండి: ఎడ్వర్డ్ కి నెడ్, ఆన్ కి నాన్, ఆలివర్ కి నాల్. ఆలివర్ క్రామ్వెల్ ని జనం ‘ఓల్డ్ నాల్’ అనేవాళ్లు. అసలు పేర్లన్నీ అచ్చుతోనే మొదలవుతున్నాయి. షేక్స్పియర్ ‘కింగ్ లియర్’లో విదూషకుడు రాజుని ‘నంకుల్’ అంటాడు. అది కూడా ‘మైన్ అంకుల్’ విరిగిన ముక్కే.

అయితే ఈ సూత్రంతో రాబర్ట్ బాబ్ ఎలా అయ్యాడో తేలదు. విలియం బిల్, రిచర్డ్ డిక్, మార్గరెట్ పెగ్గీ అవడం కూడా అంతే. ఇక్కడ జరిగింది వేరు. ముందు పేరు కుదించారు: రాబర్ట్ ని రాబ్ అని, రిచర్డ్ ని రిక్ అని. తర్వాత మొదటి అక్షరం తీసేసి ప్రాస కుదిరే ఇంకో అక్షరం పెట్టారు. రాబ్ లోంచి హాబ్, డాబ్, బాబ్. రిక్ లోంచి హిక్, డిక్. విల్ లోంచి బిల్. మెగ్ లోంచి పెగ్. నడిమి మెట్టు మనకి కనపడదు కాబట్టే మొదటి మెట్టుకీ చివరి మెట్టుకీ పోలిక లేదనిపిస్తుంది.

తెలుగువాళ్లకి ఈ ఆట కొత్తేం కాదు. పుస్తకం గిస్తకం, బడీ గిడీ, కారూ గీరూ అని రోజూ ఆడుతూనే ఉంటాం. మొదటి అక్షరం కొట్టేసి ‘గి’ పెడతాం, మిగతా మాట అలాగే ఉంచుతాం. తేడా ఏంటంటే, మనం అసలు మాటని పక్కనే ఉంచుకుంటాం. ఇంగ్లీషువాళ్లు అసలుని ఇంట్లో వదిలేసి ప్రాస మాటనే బయట తిప్పారు. మా ‘గిస్తకం’ ఒంటరిగా ఎప్పుడూ తిరగదు. వాళ్ల డిక్ తిరిగాడు, పిల్లల్ని కన్నాడు, ఇంటిపేరు కూడా అయ్యాడు. హాబ్ కొడుకులు హాబ్సన్లు, డాబ్ కొడుకులు డాబ్సన్లు, డిక్ కొడుకులు డిక్సన్లు. మనం ఇష్టంగా చదువుకునే డికెన్స్ ఇంటిపేరు కూడా ఈ డిక్ వంశమే. మధ్యయుగాల్లో ఈ ముద్దుపేర్లు నిజంగా వాడుకలో ఉన్నాయనడానికి ఇంటిపేర్లే సాక్ష్యం.

ఇంత అవసరం ఎందుకొచ్చింది? దానికి సమాధానం మా ఊళ్లోనే ఉంది. నరసరావుపేట చుట్టుపక్కల కోటప్పకొండ నీడ పడిన ప్రతి ఊళ్లోనూ కోటయ్యలూ, కోటేశ్వరరావులూ, కోటమ్మలే. మిరపకాయల కల్లంలో నిలబడి “కోటయ్యా!” అని కేకేస్తే నలుగురు తలలెత్తుతారు. అందుకే బక్క కోటయ్య, నల్ల కోటయ్య, బావి కాడి కోటయ్య. నార్మన్లు వచ్చాక ఇంగ్లండు పల్లెల పరిస్థితీ ఇదే. కొద్దిపాటి పేర్లే ఊరంతా పంచుకున్నారు. జాన్, విలియం, రాబర్ట్, రిచర్డ్, థామస్ లతో ఊళ్లు నిండిపోయాయి. మనం పేరు ముందు ఒక గుర్తు తగిలించాం. వాళ్లు పేరునే అటూ ఇటూ తిప్పి ఒకడు రాబ్, ఒకడు హాబ్, ఒకడు డాబ్ అన్నారు.

మనకీ పోలికలేని ముద్దుపేర్లు ఉన్నాయి, కానీ వాటి దారి వేరు. నాకు మా నానమ్మ పేరే పెట్టారు. అత్తగారి పేరు నోటితో పలకకూడదని మా అమ్మ నన్ను ఒక్కరోజూ ఆ పేరుతో పిలవలేదు. నేను బుజ్జినే. బుజ్జి ఏ పేరులోంచీ పుట్టలేదు, ఒక పేరుని దాచడానికి వచ్చింది. పెగ్గీ అంటే వెనక మార్గరెట్ ఉందని ఇంగ్లీషు పాఠకుడికి తెలుసు. బుజ్జి వెనక ఎవరైనా ఉండొచ్చు.

అందుకే అనువాదంలో ఈ పేర్ల సంగతి నాకు చిన్నదిగా అనిపించదు. పాఠకుడు తికమకపడతాడని అంతటా ‘నెల్లీ’ అని ఒకే పేరు పెట్టేస్తే చదవడం తేలికవుతుంది, నిజమే. కానీ ‘వదరింగ్ హైట్స్’లో ఎవరు ఏ పేరుతో పిలుస్తున్నారన్నదే ఒక కథ. అద్దెకొచ్చిన లాక్‌వుడ్ కి ఆమె మిసెస్ డీన్. చిన్నప్పట్నుంచీ కలిసి పెరిగిన హీత్‌క్లిఫ్ కి నెల్లీ. యజమాని ఎడ్గర్ కి ఎలెన్. పెద్ద క్యాథరీన్ ఎక్కువగా నెల్లీ అంటుంది, ఆమె కూతురు ఎలెన్ అంటుంది. ఒకే మనిషి ఒక ఇంట్లో తోబుట్టువుకి దగ్గరగా, ఇంకో ఇంట్లో పనిమనిషిగా ఎలా మారిందో ఆ పిలుపుల్లోనే ఉంది.

ఈ లెక్క మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఆసామి అయితే కోటయ్యగారు. అదే పేరున్న పాలేరుని ఆసామి మనవడు “ఒరే కోటిగా” అంటాడు. ఆ పాలేరు ఇంట్లో తల్లి కూడా “కోటిగా, అన్నం తిన్రా” అంటుంది. మాట ఒకటే, ఒకచోట ముద్దు, ఇంకోచోట అవమానం. రెండిటినీ ‘కోటయ్య’ అని ఇంగ్లీషులోకి మార్చేస్తే మన కథ మిగలదు. అటునుంచి ఇటు తెచ్చేటప్పుడూ అంతే.

నెల్లీకి బదులు బుజ్జి అని పెట్టమని నేననను, అది అసలు పేరుని మింగేస్తుంది. రెండు పేర్లూ ఉంచాలి. మొదటిసారి వచ్చినచోట, వాక్యంలోనే, ‘అయినవాళ్లు నెల్లీ అని పిలిచే ఎలెన్ డీన్’ అని ఒక్క ముక్క అంటే చాలు. ఆ ఒక్క ముక్క నేను చదివిన కాపీలో ఉండుంటే సగం పుస్తకం ఇద్దరు ఆడవాళ్ల కోసం వెతుక్కునేదాన్ని కాదు. ఒక్క మనిషి రెండు ఇళ్ల మధ్య ఎలా నలిగిందో మొదటిసారే చూసేదాన్ని.