బిల్లు అడుగున ఉండే చిన్న పట్టిక

స్కాన్ చేసిన జీఎస్టీ బిల్లును కొత్తగా ఎంట్రీ చేసేవాళ్ల చూపు ముందు సరుకుల వరుసల మీదికే పోతుంది. నన్నడిగితే ముందు చూడాల్సింది అడుగున, సంతకానికి కాస్త పైన ఉండే పన్ను పట్టికని. అందులో ప్రతి అంకెకూ పక్కనున్న అంకె సాక్ష్యం చెబుతుంది. ఆ అమరిక నాకెంతో ఇష్టం.

విజయవాడ హోల్‌సేల్ వ్యాపారి గుంటూరు సామాన్ల కొట్టుకు మిక్సీలు, స్టీలు గిన్నెలు పంపాడనుకుందాం. ఇద్దరి జీఎస్టీ నంబర్లూ ఆంధ్రప్రదేశ్ కోడ్ 37తోనే మొదలవుతాయి. కాబట్టి పన్నులో సగం సీజీఎస్టీగా కేంద్రానికి, సగం ఎస్‌జీఎస్టీగా రాష్ట్రానికి పోతుంది. అదే సరుకు హైదరాబాద్ వ్యాపారి పంపితే ఆయన నంబరు 36తో మొదలవుతుంది, బిల్లులో ఐజీఎస్టీ ఒక్కటే కనిపిస్తుంది.

మిక్సీల మీద పన్ను 18 శాతం. పట్టికలో వాటి వరుసకు పన్ను లెక్కగట్టే విలువ 12,345 రూపాయలు, సీజీఎస్టీ 9 శాతం చొప్పున 1,111.05, ఎస్‌జీఎస్టీ కూడా అంతే. గిన్నెల మీద 5 శాతం. వాటి విలువ 3,610, రెండు పన్నులూ 90.25 చొప్పున. రేటు వారీగా ఈ రెండు వరుసలనూ విడివిడిగానే ఎక్కించాలి, కలిపేయకూడదు. కింద ‘మొత్తం’ అని ఉన్న వరుసను మూడో రేటు అనుకుని ఎక్కిస్తే పన్ను రెండింతలైపోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

స్కాన్ మసకగా ఉండి 3,610లోని మొదటి అంకె 8లా కనిపించిందనుకోండి. 8,610కి రెండున్నర శాతం 215.25 అవుతుంది. పక్కనేమో 90.25 ఉంది. అంటే మనం చదివింది తప్పని అక్కడే తేలిపోతుంది. ఆ 90.25 కూడా చెదిరిపోతే ఎస్‌జీఎస్టీ గడిలో అదే అంకె మళ్లీ దొరుకుతుంది.

విలువలూ పన్నులూ కూడితే 18,357.60. బిల్లు మొత్తం 18,358 అని ఉంటుంది. తేడా 40 పైసలు రౌండ్ ఆఫ్. దాన్ని దాని గడిలోనే వేయాలి. సరుకు విలువలో కలిపితే పన్ను శాతం కుదరదు.

అమ్మినవారి జీఎస్టీ నంబరు కూడా తప్పకుండా తీసుకోవాలి. దాని 15 అక్షరాల్లో చివరిది మిగతా 14 నుంచి లెక్కగట్టిందే కనుక, ఒక అక్షరం తప్పు పడితే సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. బిల్లు నంబరుకూ తేదీకీ మాత్రం అలాంటి కాపలా లేదు. సున్నాను ఇంగ్లిష్ ‘ఓ’గా కొట్టినా పట్టికలోని లెక్కలన్నీ సరిపోతాయి. నెల తిరిగాక జీఎస్టీఆర్-2బిలో అమ్మినవారు చూపిన బిల్లుతో మనది జత కుదరదు. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునే ముందు ఆ బిల్లు కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. అందుకే ఆ రెంటినీ స్కాన్ పెద్దది చేసుకుని, అక్షరం అక్షరం చదివి ఎక్కించాలి.