ఖాతా కొడుకుది, సంతకం తల్లిది

మేధో వైకల్యం ఉన్న పిల్లవాడికి పద్దెనిమిదేళ్లు నిండేదాకా తల్లిదండ్రులే సహజ సంరక్షకులు. నిండిన మర్నాటి నుంచి అతని ఖాతా మీద వాళ్లకు ఏ అధికారమూ ఉండదు. చాలామందికి ఈ సంగతి బ్యాంకు కౌంటరు దగ్గరే తెలుస్తుంది: "అబ్బాయి మేజరయ్యాడమ్మా, ఇక మీ సంతకం చెల్లదు."

ఈ ఖాళీని పూడ్చింది 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. అందులో 14 నుంచి 17 వరకు ఉన్న నాలుగు సెక్షన్లను ఎంత దగ్గరగా చదివితే అంత ముచ్చటేస్తుంది. తల్లి దరఖాస్తు పెట్టగానే కలెక్టరు సభ్యుడిగా ఉండే స్థానిక కమిటీ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇతనికి అసలు సంరక్షకులు కావాలా? కావాలంటే ఏ పనులకు? మొదటి ప్రశ్నే నాకు గొప్పగా అనిపిస్తుంది. డబ్బు వేయడం, తీయడం తెలిసిన మనిషి చేతిలోంచి పాసుపుస్తకం లాక్కునే హక్కు ఎవరికీ లేదని అది గుర్తుచేస్తుంది.

తండ్రి పోయాక ఇరవై నాలుగేళ్ల కొడుకు వాటాకు నాలుగు లక్షలు వచ్చాయనుకుందాం. కమిటీ ఇచ్చిన ధ్రువపత్రం చూపితే బ్యాంకు ఖాతా తెరవవచ్చని రిజర్వు బ్యాంకు 2007లోనే చెప్పింది. ఖాతా కొడుకు పేరునే ఉంటుంది. తల్లి సంరక్షకురాలిగా సంతకం పెడుతుంది. సొమ్మూ వడ్డీ అతనివే. సులువని జాయింటు ఖాతా తెరిచేవాళ్లున్నారు. అందులో ఎవరి డబ్బు ఎంతో కొన్నాళ్లకు తేలదు, తగవొచ్చినప్పుడు నష్టపోయేది అడగలేని మనిషే.

అధికారం ఇచ్చిన చేత్తోనే చట్టం లెక్క అడుగుతుంది. జనవరి 10న నియమిస్తే జులై 10లోగా కొడుకు ఆస్తుల, రావలసిన బాకీల, తీర్చవలసిన అప్పుల జాబితా ఇవ్వాలి. మార్చి 31తో ముగిసే ఏడాది జమాఖర్చులు జూన్ 30లోగా చూపాలి. అంటే జాబితా గడువు కంటే ముందే మొదటి లెక్క గడువు వచ్చేస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే. నెలనెలా ఒకే మొత్తం గుండుగుత్తగా ఏటీఎంలో తీసి, దేనికో రాసుకోకపోతే ఆ లెక్క కుదరదు. మందులకింత, డే కేర్ ఫీజుకింత అని పాసుపుస్తకం ఎంట్రీల పక్కన అప్పటికప్పుడు రాసుకుంటే కుదురుతుంది.

సంరక్షకులు సొమ్ము సొంతానికి వాడుకుంటే బంధువులు గాని, ట్రస్టులో నమోదైన సంస్థ గాని కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. తొలగించేముందు వాళ్ల మాట వినాలి, కారణం కాగితం మీద పెట్టాలి. తొలగినవాళ్లు ఆస్తితో పాటు అప్పటిదాకా జరిగిన లెక్కలూ కొత్తవాళ్లకు అప్పజెప్పాలి.

తల్లి చనిపోతే ఆమె అధికారం వారసులకు రాదు. కొత్త సంరక్షకుల కోసం మళ్లీ కమిటీ ముందుకు వెళ్లాలి. దగ్గరివాళ్లెవరూ లేకపోతే నమోదైన సంస్థే ఆ దరఖాస్తు పెట్టవచ్చు.