ఇండోనేషియా సంతలో నెగ్గుకొచ్చే మాటలు

బాలి ద్వీపానికో, జావాలోని యోగ్యకర్తాకో వెళ్లే తెలుగు ప్రయాణికుడికి ఇండోనేషియా భాష పెద్దగా ఇబ్బంది పెట్టదు. థాయ్ భాషలోలా స్వరం ఎత్తు మారితే అర్థం మారిపోయే చిక్కు అందులో లేదు. కాలాన్ని బట్టీ, ఆడా మగా తేడాను బట్టీ క్రియ మారదు. పాతిక ముప్పై మాటలు నోటికొస్తే తిండీ దారీ బేరమూ నడుస్తాయి. అసలు కష్టం అడగడంలో లేదు, వచ్చే జవాబు అర్థం చేసుకోవడంలో ఉంది. అందుకే పొట్టి జవాబు వచ్చేలా ప్రశ్న వెయ్యడమే ప్రయాణికుడు మొదట నేర్వాల్సిన పని.

ఏ మాటైనా పిలుపుతో మొదలవ్వాలి. మనం దుకాణంలో అన్నా, అమ్మా, బాబాయ్ అన్నట్టే అక్కడా వరస కలుపుతారు. పెద్దాయన 'పాక్', పెద్దావిడ 'బు'. జావాలో కుర్రాడైతే 'మాస్', యువతి అయితే 'మ్బాక్'. బాలిలో యువకుణ్ణి 'బ్లి' అంటారు. పాతికేళ్ల అమ్మాయిని 'బు' అంటే తప్పేమీ కాదు కానీ, ఆమెకు వయసు మీద పడినట్టు అనిపిస్తుంది. పిలుపు లేకుండా నేరుగా ధర అడగడం మాత్రం మొరటుగా ఉంటుంది. పక్కనుంచి వెళ్లాలన్నా, ఎవరినైనా ఆపాలన్నా 'పెర్మిసి' అంటే చాలు. డబ్బు ఇవ్వడానికీ, వస్తువు అందుకోవడానికీ కుడిచెయ్యే వాడాలి. ఈ మర్యాద మనకు కొత్త కాదు.

తిండి దగ్గర మూడు మాటలు ఎక్కువ పనిచేస్తాయి: కావాలని అడగడానికి 'మింతా', వేసి ఇమ్మనడానికి 'పకాయ్', వెయ్యొద్దనడానికి 'తిదాక్ పకాయ్'. శాకాహారి అయినవాడు 'తిదాక్ పకాయ్ దాగింగ్', అంటే మాంసం వద్దు, అని ఊరుకుంటే మోసపోతాడు. అక్కడివాళ్ల వాడుకలో 'దాగింగ్' అనగానే గొడ్డు మాంసం లాంటివే మనసుకొస్తాయి. కోడి, చేప, రొయ్య వేరే లెక్క. మాంసం వద్దన్నారు కదా అని కోడి ముక్కలు వేసి ఇస్తారు, అదీ మంచి మనసుతోనే. కాబట్టి వేటికవే పేరు పెట్టి చెప్పాలి: 'ఆయమ్' కోడి, 'ఇకాన్' చేప, 'ఉదాంగ్' రొయ్య, 'సాపి' ఆవు, 'బాబి' పంది, 'తెలూర్' గుడ్డు.

యోగ్యకర్తా పేరు చెప్పగానే గుర్తొచ్చే 'గుదెగ్'నే చూద్దాం. పచ్చి పనసకాయను కొబ్బరిపాలు, తాటిజాతి బెల్లంతో గంటల తరబడి ఉడికించి చేస్తారు. పనసకాయ కూర అనగానే తెలుగువాళ్లకు ప్రాణం లేచొస్తుంది. కానీ పళ్లెంలో దాని పక్కన కోడి ముక్క, గుడ్డు, 'క్రెచెక్' అనే కూర కూడా వచ్చి కూర్చుంటాయి. ఈ క్రెచెక్ పశువు చర్మంతో చేసేది. చూడ్డానికి మెత్తబడ్డ అప్పడంలా ఉండి ఎవరికీ అనుమానం రాదు. అక్కడ అడగాల్సిన తీరు ఇది: 'బు, మింతా గుదెగ్ సాతు, తిదాక్ పకాయ్ ఆయమ్, తిదాక్ పకాయ్ తెలూర్, తిదాక్ పకాయ్ క్రెచెక్.' ఇలా చెప్పినా గుడ్లూ పనసకాయా ఒకే కుండలో ఉడికి ఉండవచ్చు. నిష్ఠగా ఉండేవాళ్లు వేయించిన 'తెంపె', 'తాహు' వైపు వెళ్లడం మేలు. మొదటిది పులియబెట్టిన సోయా గింజల దిమ్మ, రెండోది సోయా పాలగడ్డ.

కారం పచ్చడి 'సంబల్' తెలుగు నాలుకకు ఇట్టే నచ్చుతుంది, అయితే చాలా రకాల్లో 'తెరాసి' అనే రొయ్యల ముద్ద కలుపుతారు. 'అదా తెరాసి?' అని అడిగితే ఉంటే 'అదా' అంటారు, లేకపోతే 'తిదాక్ అదా' అనో 'ఎంగాక్ అదా' అనో అంటారు. పొట్టి ప్రశ్నకు పొట్టి జవాబు రావడమంటే ఇదే. పొట్లం కట్టమనడానికి 'బుంగ్‌కుస్'. మొత్తం ఎంతయిందో తెలియాలంటే 'బెరాపా సెమువాన్యా?' టీ అడిగితే జావాలో సాధారణంగా చక్కెర కలిపే ఇస్తారు. వద్దంటే 'తె తావర్' అని చెప్పాలి.

దారి అడిగేటప్పుడు 'మార్కెట్‌కు ఇదేనా దారి?' అనడం తెలివైన పని కాదు. కాదని ముఖం మీద చెప్పడానికి మొహమాటపడి అవునని తలూపేవాళ్లు ఉంటారు. 'పెర్మిసి, పాక్, పాసర్ బెరింగ్‌హార్జో లేవత్ మనా?' అంటే ఏ దారిన వెళ్లాలని అడిగినట్టు. దానికి తల ఊపి ఊరుకోవడం కుదరదు. జవాబులో 'కిరి' వినిపిస్తే ఎడమ, 'కానన్' కుడి, 'లురుస్' నేరుగా, 'లాంపు మేరా' సిగ్నల్ దీపం. యోగ్యకర్తాలో చాలామంది కుడిఎడమలతో కాకుండా దిక్కులతో దారి చెబుతారు. ఉత్తరం 'ఉతారా', దక్షిణం 'సెలాతన్', తూర్పు 'తిమూర్', పడమర 'బారత్'. ఆ ఊరికి మెరాపి అగ్నిపర్వతం ఉత్తరాన ఉంటుంది కాబట్టి, మబ్బు లేని రోజున దిక్కు తెలిసినట్టే. విన్నది మళ్లీ ఒకసారి పలికి వాళ్లచేత 'యా' అనిపించుకుంటే పొరపాటు అక్కడే బయటపడుతుంది.

బేరానికి ముందు అంకెలు రావాలి: సాతు, దువా, తిగా, ఎంపత్, లిమా, ఎనమ్, తుజు, దెలాపన్, సెంబిలన్, సెపులు. 'దువా బెలాస్' పన్నెండు, 'దువా పులు' ఇరవై. బేరాలు చెడేది ఎక్కువగా ఈ రెంటి మధ్యే. వెయ్యి 'రిబు', కానీ ధర చెప్పేటప్పుడు దాన్ని తరచు మింగేస్తారు. 'లిమా పులు' అంటే యాభై కాదు, యాభై వేల రుపియా. సందేహం వస్తే ఫోన్‌లో అంకె కొట్టి చూపించమనడంలో నామోషీ ఏమీ లేదు.

బెరింగ్‌హార్జో బాతిక్ బట్టలకు పేరున్న బజారు. బాతిక్‌ను 2009లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మైనంతో చేత్తో గీసింది 'తులిస్', రాగి అచ్చుతో మైనం అద్దింది 'చాప్', యంత్రంతో ముద్రించింది 'ప్రింటింగ్'. బేరం మొదలుపెట్టే ముందే 'ఇని చాప్ అతావ్ ప్రింటింగ్?' అని అడిగి, బట్ట తిరగేసి చూడాలి. ముద్రించినదైతే వెనకవైపు రంగు సాధారణంగా వెలిసినట్టు ఉంటుంది. కలంకారీలో చేతి పనికీ, అచ్చు పనికీ, మిల్లు నకలుకీ తేడా పట్టగలిగినవాళ్లకు ఇది తేలికే.

ఒక చాప్ బట్టకు అమ్మే ఆవిడ 'దువా రాతుస్' అన్నదనుకుందాం, అంటే రెండు లక్షలు. 'మహల్' (ఖరీదు) అని మొహం చిట్లించడం కంటే నవ్వుతూ 'బోలే కురాంగ్, బు?' అనడం నయం. తగ్గించవచ్చా అని అనుమతి అడిగినట్టుంటుంది. ఆవిడ సాధారణంగా 'ఎంత ఇస్తారు?' అని బంతి ఇటు విసురుతుంది. 'సెరాతుస్', లక్ష, అంటే ఆవిడ నవ్వి లక్షా ఎనభైకి దిగుతుంది. అప్పుడు లక్షా ఇరవై అనడం కన్నా 'కలావ్ అంబిల్ దువా?', రెండు తీసుకుంటే ఎంత, అని అడగడం మంచి ఎత్తు. ఇద్దరి పరువూ నిలుస్తుంది, ఒక్కోటి లక్షా నలభై దగ్గర తెగవచ్చు. కుదరకపోతే 'లిహత్ లిహత్ దులు' (కాస్త చూసొస్తాం) అని కదలాలి. వెనక్కి పిలిస్తే ధర ఇంకా దిగుతుంది. పిలవలేదంటే చివరి మాట నిజంగానే చివరిదన్నమాట.

పొద్దున్నే వెళ్తే మరో వెసులుబాటు ఉంది. తొలి అమ్మకాన్ని 'పెంగ్లారిస్' అంటారు. అచ్చంగా మన బోణీ. కొందరు అమ్మకందార్లు ఆ డబ్బుతో మిగతా సరుకును తడతారు కూడా. బోణీ బేరం పోగొట్టుకోవడం వాళ్లకు ఇష్టం ఉండదు కాబట్టి కాస్త తగ్గుతారు. అయితే అడిగిన ధరకు ఆవిడ సరే అన్నాక కొనకుండా పోవడం అక్కడా తప్పే. కొనే ఉద్దేశం లేనివాళ్లు అసలు అంకె పలకకూడదు. 'హర్గా పాస్' అని బోర్డు ఉన్న దుకాణంలో ధర ఒక్కటే, బేరం లేదు. తిండి దుకాణంలో కూచునే ముందు ధర అడగవచ్చు గానీ, తిన్నాక బేరమాడరు.