యంత్రం విలువ బిల్లు దగ్గర ఆగదు

అలంపూర్, గద్వాల ప్రాంతపు పల్లీ మిల్లుల్లో పాతతరం గుమాస్తాలు రాసిన ఆవర్జాలు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. జంటపద్దు విధానాన్ని 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ అచ్చులోకి తెచ్చాడు. ఆ పేరు వినకపోయినా దాని సారాన్ని ఒంటబట్టించుకున్నవాళ్లు వీళ్లు. వాళ్ల పనితనం కొత్త యంత్రం కొన్న రోజున రాసే పద్దులో తెలిసిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అలంపూర్‌లో ఒక మిల్లు యజమాని హైదరాబాద్ నుంచి నూనె ఎక్స్‌పెల్లర్ తెప్పించాడనుకోండి. జీఎస్టీ కాకుండా ధర 6,60,000 రూపాయలు. అలంపూర్ చౌరస్తా మీదుగా ఊళ్లోకి తెచ్చిన లారీకి 22,000 కిరాయి. దింపినందుకు క్రేనుకు, హమాలీలకు 8,000. సిమెంటు దిమ్మెకు 38,000. ఫిట్టర్‌కు, కరెంటు లైనుకు 22,000. మొత్తం 7,50,000 అయింది.

లారీలో ఉన్న ఎక్స్‌పెల్లర్ చుక్క నూనె తీయదు. దిమ్మె మీద నిలబడి, కరెంటు అంది, గింజ నలిపినప్పుడే అది యంత్రం. అక్కడిదాకా తేవడానికి తప్పనిసరిగా అయిన ఖర్చంతా దాని విలువే. అందుకే మంచి గుమాస్తా 7,50,000 మొత్తాన్నీ యంత్రాల ఖాతాకు డెబిట్ చేసి, అమ్మినవాడికి, లారీవాడికి, మేస్త్రీకి, ఫిట్టర్‌కు ఇచ్చిన సొమ్మును బ్యాంకు ఖాతాకు క్రెడిట్ చేస్తాడు. పద్దు కింద ఏ రసీదు దేనికో ఒక్క వాక్యంలో వివరణ రాస్తాడు. పదేళ్ల తర్వాత తెరిచినా ఆ వాక్యం నోరు విప్పి చెబుతుంది.

ఏది కలపకూడదో తెలియడం అంతకన్నా పెద్ద విద్య. మేస్త్రీ తప్పుగా కట్టిన దిమ్మెను పగలగొట్టి మళ్లీ కడితే, ఆ వృథా ఖర్చు యంత్రానికి ఎక్కదు. ప్రారంభం రోజు పెట్టిన విందు, పనివాళ్లకు ఇప్పించిన శిక్షణ కూడా ఆ ఏటి ఖర్చులే. జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటే దాన్నీ విలువలో కలపరాదు.

ఇక తరుగుదల. కంపెనీల చట్టం 2013 రెండో షెడ్యూలు సాధారణ యంత్రాలకు 15 ఏళ్ల ఆయుష్షు చెబుతుంది. తుక్కు విలువ 5 శాతం, అంటే 37,500 తీసేస్తే మిగిలేది 7,12,500. దాన్ని 15తో భాగిస్తే ఏడాదికి 47,500. యంత్రం అక్టోబరు 1న పనికి సిద్ధమైతే మార్చి 31 నాటికి ఆరు నెలలే కాబట్టి తొలి ఏటి తరుగుదల 23,750. తరుగుదల ఖాతాకు డెబిట్, యంత్రాల తరుగుదల నిధి ఖాతాకు క్రెడిట్. ఆస్తి అప్పుల పట్టీలో యంత్రం 7,26,250గా నిలుస్తుంది.

ఆదాయపు పన్నుకు లెక్క వేరు. అక్కడ తగ్గుతున్న నిల్వ మీద 15 శాతం. అయితే కొన్న ఏడాది వాడకం 180 రోజులకు తగ్గితే సగమే. అక్టోబరు 1న గింజ వేస్తే 182 రోజులు, కాబట్టి పూర్తిగా 1,12,500 వస్తుంది. ఫిట్టర్ ఆలస్యం చేసి అక్టోబరు 5 అయితే 56,250తో సరిపెట్టుకోవాలి. మేస్త్రీకి 38,000 ఒకే రోజు నగదుగా ఇస్తే, పదివేలు దాటిన నగదు గనుక ఆ మొత్తం పన్ను లెక్కలో విలువకు చేరదు. ఇవన్నీ ముందే చూసి యజమానిని హెచ్చరించేవాడే అసలైన గుమాస్తా.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. కంప్యూటర్‌లో 'లారీ కిరాయి' అనగానే పల్లీ బస్తాల కిరాయితో కలిపేస్తారు. దిమ్మె ఖర్చు మరమ్మతుల్లోకి, ఫిట్టర్ ఖర్చు కూలీల్లోకి పోతాయి. మన ఉదాహరణలో 90,000 ఖర్చుగా రాస్తే తరుగుదల 2,850 మాత్రమే తగ్గుతుంది. తొలి ఏటి లాభం 87,150 తక్కువగా కనిపిస్తుంది. ఆ తర్వాత పూర్తి ఏడాదికి 5,700 చొప్పున లాభం ఎక్కువగా కనిపిస్తూ పోతుంది. బ్యాంకువాడు చూసే ఆస్తి కూడా చిక్కిపోతుంది.

ఈ తప్పును పట్టడం తేలిక. యంత్రాల ఖాతాలో అంకె అమ్మినవాడి బిల్లుతో రూపాయి తేడా లేకుండా సరిపోయిందా? అనుమానించండి. కొన్న బస్తాలు పెరగకుండానే రవాణా ఖర్చు ఎగబాకిందా? ఆ నెల లారీ రసీదులు తిరగేయండి.

మిల్లు యజమానులకు నా విన్నపం ఒకటే. యంత్రం వస్తున్న రోజే ఒక కవరు తెరిచి లారీ చీటీ, హమాలీ చీటీ, మేస్త్రీ బిల్లు, తొలిసారి గింజ వేసిన తేదీ రాసిన కాగితం అందులో పెట్టండి. అది గుమాస్తా చేతికి అందాకే పద్దు రాయించండి. సాఫ్ట్‌వేర్ కూడిక చేస్తుంది, కానీ ఏ చీటీ యంత్రానిదో, ఏది బస్తాలదో తేల్చేది మనిషే. ఆ మనిషికి తగిన జీతమివ్వండి.