మెట్ విలువలు - శరీర భేదం : ఒక విమర్శనాత్మక పరిశీలన

శారీరక శ్రమను కొలిచే ప్రమాణాలలో ‘మెట్’ (చయాపచయ తుల్యాంకం) విస్తృతంగా వాడుకలో ఉంది. కదలకుండా కూర్చున్న మనిషి కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ప్రాణవాయువును వినియోగిస్తాడన్నది దీనికి ఆధారం. శక్తి రూపంలో ఇది కిలోకు గంటకు సుమారు ఒక కిలోకేలరీ. బార్బరా ఐన్స్‌వర్త్ బృందం 1993లో వెలువరించిన పట్టిక వివిధ పనులను ఈ ప్రమాణానికి గుణిజాలుగా చూపింది. పట్టికలోని అంకెను బరువుతోను, కాలంతోను గుణిస్తే వ్యయమైన శక్తి తెలుస్తుందన్నది వాడుక.

అయితే ఆధారమైన 3.5 అందరికీ వర్తించదు. 2005లో బర్న్ తదితరులు 769 మందిని పరీక్షించగా విశ్రాంతి వినియోగం సగటున 2.6 మాత్రమే ఉంది. కొవ్వు కణజాలం విశ్రాంతిలో కండరం కన్నా తక్కువ శక్తిని వాడుకొంటుంది. అందువల్ల దేహంలో కొవ్వు పాలు పెరిగేకొద్దీ కిలోకు అయ్యే ఖర్చు తగ్గుతుంది.

ఉదాహరణకు 45 ఏళ్లు, 160 సెంటీమీటర్ల ఎత్తు, 120 కిలోల బరువు గల స్త్రీని తీసుకోవచ్చు. మిఫ్లిన్ సూత్రం ప్రకారం ఆమె విశ్రాంతి వ్యయం రోజుకు 1814, అంటే గంటకు సుమారు 76 కిలోకేలరీలు. మెట్ లెక్క మాత్రం 120 అంటుంది.

ఈ లోపాన్ని సవరించడానికి మెట్ విలువను నేరుగా 76తో గుణించడం మరో పొరపాటు. నడకలో దేహభారమంతటినీ మోయాలి కనుక, ఆ భాగపు ఖర్చు బరువుతో పాటే పెరుగుతుంది. కనుక విశ్రాంతి భాగాన్ని మాత్రమే మార్చాలి. నిమిషానికి 80 మీటర్ల సమతల నడకకు కిలోకు 8 మిల్లీలీటర్లు అవసరం. దీనికి 3.5 కలిపితే 11.5, అంటే 3.3 మెట్లు, అరగంటకు సుమారు 207 కిలోకేలరీలు. ఆమె సొంత విశ్రాంతి విలువ 2.1 కలిపితే 182. నేరుగా గుణిస్తే వచ్చేది 125 మాత్రమే. పైగా ఆ నడక ఆమె విశ్రాంతి స్థాయికి 4.8 రెట్లు. అంటే పట్టిక ఆమె ఖర్చును ఎక్కువగా, శ్రమను తక్కువగా చూపుతోంది.

దృఢకాయుల విషయంలో దోషం ప్రధానంగా శ్రమతీవ్రతను అంచనా వేయడంలో ఉంది. గంటకు 8 కిలోమీటర్ల పరుగు 8.3 మెట్లు, అంటే 29 మిల్లీలీటర్లు. పట్టిక దృష్టిలో అది తీవ్ర శ్రమ. గరిష్ఠ సామర్థ్యం 60 గల క్రీడాకారునికి అది సగం కన్నా తక్కువే. 30 గలవానికి దాదాపు మొత్తం సామర్థ్యం. కనుక ఇక్కడ తీవ్రతను గరిష్ఠ సామర్థ్యంలో శాతంగా చెప్పడం ఉచితం.

మిఫ్లిన్ సూత్రమూ అంచనాయే. మితిమీరిన బరువు గలవారిలోను, కండర పుష్టి గలవారిలోను అది తప్పవచ్చు. కచ్చితత్వం అవసరమైన చోట శ్వాసవాయువులను కొలవడం తప్పనిసరి. సమూహాలను పోల్చడానికి కూర్చిన పట్టికను వ్యక్తి లెక్కగా వాడడంలోనే ఈ దోషానికి మూలం ఉంది.