ఎగరని పక్షి పేరు పెట్టుకున్న రాకెట్

హోమర్ హికమ్ 'రాకెట్ బాయ్స్' (1998) పిల్లల చేత చదివించమని చాలామంది చెప్తారు. పట్టుదల ఉంటే గెలుపు ఖాయం అని నేర్పుతుందట. నాకు ఆ పుస్తకం నచ్చింది గానీ అందుకు కాదు. అందులో రాకెట్లు ఎందుకు పడిపోయాయో రచయిత విడమరిచి చెప్తాడు, అందుకు.

1957లో స్పుత్నిక్ ఎగిరింది. వెస్ట్ వర్జీనియాలోని కోల్‌వుడ్ అనే బొగ్గుగనుల ఊరి కుర్రాడు అది చూసి రాకెట్ చేయబోయాడు. మొదటి ప్రయత్నంలో వాళ్ళమ్మ గులాబీతోట కంచె ఎగిరిపోయింది. ఆ తర్వాతి రాకెట్లకు 'ఆక్' అని పేరు పెట్టి వరసగా నంబర్లిచ్చారు. గ్రేట్ ఆక్ అంతరించిపోయిన పక్షి. అది ఉన్నప్పుడు కూడా ఎగరలేదు!

ఆక్-1 కాస్త లేచి కూలిపోయింది. పిల్లలు ఏడవలేదు, ఆ గొట్టాన్ని చేతుల్లోకి తీసుకుని చూశారు. అడుగున నాజిల్‌గా అతికించిన వాషర్ ఊడిపోయి ఉంది. దాన్ని పట్టి ఉంచిన టంకం 200 డిగ్రీల దరిదాపుల్లోనే కరిగిపోతుంది, మండే మందు వేడి దానికి ఎన్నో రెట్లు. అంటే తప్పు మందుది కాదు, అతుకుది. కాబట్టి మార్చాల్సింది అతుకే: టంకం బదులు వెల్డింగ్. ఒకేసారి మందూ గొట్టమూ అతుకూ మూడూ మార్చేసి ఉంటే, తర్వాతిది ఎగిరినా ఎందుకు ఎగిరిందో తెలిసేది కాదు. 'అక్టోబర్ స్కై' (1999) సినిమా ఈ వైఫల్యాలను పాట వేసి, నవ్వించి, గబగబా దాటించేస్తుంది. కథకు ప్రాణమైన ముక్క అక్కడే పోయింది.

నా ఫిర్యాదు పుస్తకం ముగింపు మీద. 1960లో జాతీయ సైన్స్ ఫెయిర్‌లో పతకం వస్తుంది. పతకం రాగానే పాత పొరపాట్లన్నీ దానికి మెట్లయిపోతాయి. పతకం రాని ప్రాజెక్టుకు కథ ఉండదా?

మా ఆలూరులో ఒక కథ జరిగిందనుకుందాం. తొమ్మిదో తరగతి పిల్ల శెనక్కాయ పొట్టు కప్పితే నల్లరేగడిలో తేమ నిలుస్తుందేమో చూడాలనుకుంది. రెండు కుండీలు, ఒకే మట్టి, ఒకే నీళ్ళు, రోజూ సాయంత్రం తూకం. ఐదో రోజుకు పొట్టు లేని కుండీలోనే నీళ్ళు ఎక్కువ మిగిలాయి. టీచర్ "అంకెలు మార్చుకో పాప" అన్నాడు. ఆ పిల్ల మార్చలేదు. మధ్యాహ్నం గోడ నీడ పొట్టు లేని కుండీ మీదే పడుతోందని గమనించింది. కుండీల చోట్లు తారుమారు చేసి మళ్ళీ ఐదు రోజులు తూచాలి. అప్పుడు ఎండలో ఉన్న కుండీయే ఎక్కువ ఎండితే తేడా చోటుది. పొట్టు ఉన్నది రెండు చోట్లా ఎక్కువ ఎండితే, కప్పుడు మీదే అనుమానపడాలి. ఫెయిర్ మాత్రం రేపే.

ఆ పిల్ల తన చార్టు మీద 'తెలియలేదు, నీడ అడ్డొచ్చింది' అని రాసి నిలబడుతుంది. జడ్జిలు పక్కనున్న సోడా, వెనిగర్ అగ్నిపర్వతం దగ్గరకు వెళ్తారు. కథ అక్కడే ఆగితే చాలు.